గ్రాస్ కాదు బేటా, షేర్ చూడు

మన ఇళ్లలో పిల్లలు డాక్టరో ఇంజనీరో కాకుండా సొంత హునర్‌తో ఏదైనా తయారుచేసి అమ్ముతానంటే రెండే జవాబులు వినిపిస్తాయి. ఒకటి "పాగల్ అయ్యావా". రెండోది "మాషాఅల్లాహ్, కానివ్వు". రెండూ హిసాబ్ చూడకుండా అనే మాటలే. ఈ మధ్య మన నౌజవాన్లలో బోర్డ్ గేమ్ సొంతంగా ముద్రించి అమ్మాలన్న షౌక్ కనిపిస్తోంది. నా రాయ్ ముందే చెప్తాను. మొదటిసారి గేమ్ వేసేవాణ్ణి ముంచేది గిరాకీ లేకపోవడం కన్నా ఎక్కువగా "ఒక్కో పెట్టెకు ఎంత పడుతుంది" అన్న సవాల్. ఆ సవాలే తప్పు. "ఎన్ని పెట్టెలు అమ్మితే అసలు తిరిగొస్తుంది" అని అడగాలి. ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా ఒక్కోసారి ఒక ఆడపిల్ల శాదీ ఖర్చంత ఉంటుంది.

ఇది నేను ఊరికే అంటున్నది కాదు. ఛత్తా బజార్‌లో ముద్రణ ఎస్టిమేట్లు వేసే పనిలో నాకు చాలా ఏళ్లు గడిచాయి. శాదీ కార్డులకు పేరుపడ్డ బజార్ అది. కాగితం, ప్లేటు, డై, జిల్ద్‌సాజీ లెక్కలు అక్కడే నేర్చుకున్నాను. మా ఆపా కొడుకు ఫిల్మ్‌నగర్‌లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ అసిస్టెంటు, సెట్లకు బొమ్మలు వేస్తాడు. ఖాళీ రోజుల్లో వాడొక గేమ్ తయారుచేశాడు. నలుగురు ఆటగాళ్లు నలుగురు ప్రొడ్యూసర్లు. అప్పు తెచ్చి, 24 క్రాఫ్ట్‌లను నడిపించి, సినిమాను రిలీజ్ దాకా లాక్కెళ్లాలి. ఆడి చూశాను, మజా ఉంది. వాడి చేతిలో ఒక ప్రింటర్ ఇచ్చిన కాగితం ఉంది: 300 పెట్టెలు వేస్తే ఒక్కోటి 335 రూపాయలు, 1,000 వేస్తే 245. "వెయ్యి వేద్దాం మామూ, 699కి అమ్ముదాం, డబల్ కన్నా ఎక్కువ" అన్నాడు. రకం ఎక్కణ్ణుంచి అంటే, చెల్లెలి శాదీకి ఆపా దాచిన మూడున్నర లక్షలు.

వాడికి నేను వాడి భాషలోనే చెప్పాను, ఫిల్మ్‌నగర్ భాషలో. అక్కడ మూడు మాటలున్నాయి: ఫస్ట్ కాపీ, గ్రాస్, షేర్. బోర్డ్ గేమ్ తిజారత్ మొత్తం ఈ మూడు మాటల్లో ఇమిడిపోతుంది.

ముందు ఫస్ట్ కాపీ. సినిమాలో మొదటి ప్రింటు చేతికొచ్చేసరికి అయిన ఖర్చంతా దాని మీదే ఉంటుంది. ఆ తర్వాత ఎన్ని థియేటర్లలో వేసినా ఆ ఖర్చు పెరగదు. గేమ్‌కూ అంతే. మా భాంజా గేమ్‌కు బొమ్మలు, లేఅవుట్ కలిపి 40,000. కొన్ని బొమ్మలు వాడే వేస్తున్నాడు గదా అని సున్నా రాయబోయాడు, రాయనివ్వలేదు. ఆ రోజుల్లో వాడు సెట్ పని వదులుకున్నాడు, ఆ పోయిన కూలీ ఖర్చే. చేత్తో చేయించిన ఐదు నమూనా పెట్టెలకు 7,500. వాటిని పదిచోట్లకు తిప్పి ఆడించి చూడటానికి 2,500. ముద్రణ ప్లేట్లు, మెషీన్ సెట్టింగ్ 15,000. కార్డులు, పెట్టె కత్తిరించే డైలు 10,000. కుల్ 75,000. ఒక్క పెట్టె వేసినా, వెయ్యి వేసినా ఇది ఇంతే. ప్రింటర్ రాసిచ్చిన 335లో ఇందులో ఒక్క రూపాయీ లేదు. ప్లేట్లు, డైలు వేరే వరసలో చిన్న అక్షరాల్లో ఉన్నాయి. మిగతావి ప్రింటర్‌కు తెలియవు, తెలియాల్సిన జరూరత్ కూడా లేదు.

ఇక ప్రతి పెట్టెకూ పడేది. కార్డులకు 90, మడతపెట్టే బోర్డుకు 75, గట్టి అట్టపెట్టెకు 110, పావులు, పాచికలకు 45, రూల్స్ పుస్తకానికి 15. ఇదే ఆ 335. పావులు ఏటికొప్పాక లక్క పావులు కావాలన్నాడు వాడు. తిరుగుడు మీద చేసే పని కాబట్టి పావు లాంటి గుండ్రటి వస్తువు ఆ కారీగర్లకు సహజం. దీనికి నేను అడ్డు చెప్పలేదు. కానీ ఈ లిస్టులో ఒకటి లేదు. ముప్పై వేల కార్డులను మూడు వందల పెట్టెల్లోకి సరిగ్గా సర్దేదెవరు?

"అమ్మీ, చెల్లి, ఖాలా ఉన్నారుగా" అన్నాడు. మన ఇళ్లలో హిసాబ్ తప్పేది ఇక్కడే. పెట్టెకు పది నిమిషాలు అనుకున్నా 300 పెట్టెలకు 50 గంటలు. ఇంట్లో ఆడవాళ్ల మెహనత్‌కు కీమత్ కట్టకపోతే అది ముఫ్త్ అయిపోదు, మన కంటికి కనిపించదంతే. పైగా రెండోసారి ముద్రించేటప్పుడు చెల్లెలు అత్తారింట్లో ఉంటే బయటివాళ్లకు ఇవ్వాల్సిందే. అప్పుడు పాత ధర చాలదు. అందుకని పెట్టెకు 25 రాశాను, ఆ డబ్బు చేసినవాళ్ల చేతికే ఇవ్వమన్నాను. కుల్ 360.

300 పెట్టెలకు 1,08,000. ఫస్ట్ కాపీ 75,000. మొత్తం 1,83,000. మూడు వందలతో భాగిస్తే 610. అయితే మూడు వందలూ అమ్ముడుపోవు. ఓ పదిహేను పెట్టెలు మూల నలిగో, కార్డు తక్కువై బదులు పంపడానికో పోతాయి. ఇంకో పదిహేను ఆడించి చూపడానికి పోతాయి. అమ్మకానికి మిగిలేవి 270. వాటితో భాగిస్తే ఒక్కోటి 678. వాడు 699కి అమ్మి డబల్ అనుకున్న పెట్టె ఇదే.

(ఈ అంకెలు మాకు వచ్చిన కొటేషన్లను గుండ్రంగా చేసి, జీఎస్టీ తీసేసి రాసినవి. మీకొచ్చేవి వేరుగా ఉంటాయి. లెక్క నడిచే వరస మాత్రం ఇదే.)

రెండోది గ్రాస్, షేర్. టికెట్ల మీద వసూలైంది గ్రాస్. పన్ను, థియేటర్ వాటా పోయి చేతికొచ్చేది షేర్. పోస్టర్ మీద గ్రాస్ వేస్తారు, అప్పు తీరేది షేర్‌తో. పెట్టె మీద అచ్చువేసే ఎమ్మార్పీ మీ గ్రాస్. మన చట్టం ప్రకారం అందులో పన్నులన్నీ కలిసే ఉండాలి. లూడో, క్యారమ్ లాంటి ఆటల మీద జీఎస్టీ మునుపు 12 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం. చిన్నవాణ్ణి, నాకు జీఎస్టీ ఎందుకు అనుకోకండి. తెలంగాణలో కూర్చుని విజయవాడకో గుంటూరుకో ఒక్క పెట్టె అమ్మినా అది వేరే రాష్ట్రానికి అమ్మకమే, దానికి రిజిస్ట్రేషన్ కావాలి.

ఎమ్మార్పీ 999 అనుకుందాం. జీఎస్టీ తీస్తే 951. మీరే సొంతంగా అమ్మితే కొరియర్, పైన కట్టే డబ్బా కలిపి 90, ఆన్‌లైన్ చెల్లింపు రుసుము 20. మిగిలిన షేర్ 841. అసలు 678 పోను ఫాయిదా 163. బాగానే ఉంది. అదే పెట్టెను దుకాణానికి ఇస్తే? జూబ్లీహిల్స్‌లో ఒక దుకాణం వాళ్లు ఎమ్మార్పీలో 40 శాతం అడిగారు. అద్దె, కరెంటు, జీతాలు వాళ్లకూ ఉన్నాయి, అది జుల్మ్ ఏమీ కాదు. కానీ మనకొచ్చేది 599, అందులో జీఎస్టీ పోతే 571. పెట్టెకు 107 రూపాయల నుక్సాన్. సగం సొంతంగా, సగం దుకాణాల్లో అమ్మితే 270 పెట్టెల మెహనత్‌కు మిగిలేది ఏడున్నర వేలు. ఎక్కువ దుకాణాల్లో పెడితే ఎక్కువ నుక్సాన్. ఒక కేఫ్ ఇంకో మాట అంది: "పెట్టెలు ఇక్కడ పెట్టండి, అమ్మాక డబ్బిస్తాం." అంటే సరుకు వాళ్ల అల్మారాలో, అప్పు మన నెత్తిన.

బయటి దేశాల్లో ఈ ధంధాలో ఉన్నవాళ్లు తయారీ ఖర్చుకు ఐదు రెట్లు ధర పెట్టాలంటారు. ఆ ఐదు రెట్లు దుకాణం, దానికి సరఫరా చేసే హోల్‌సేల్‌వాళ్లు, ఇద్దరికీ వాటా ఇవ్వడానికి పుట్టిన ఖాయిదా. వేలల్లో ముద్రించేవాళ్లకు అది కుదురుతుంది. మన 360కి ఐదు రెట్లంటే 1,800. కొత్తవాడి మొదటి గేమ్‌కు మన ఇళ్లలో అంత ఎవరు పెడతారు? అందుకని మూడు వందల పెట్టెలవాడికి నా మష్వరా వేరే. మొదటి ముద్రణను దుకాణాల కోసం వేయకండి. సొంతంగా అమ్మండి. ధర మాత్రం దుకాణానికి ఇచ్చినా నుక్సాన్ రాని చోట పెట్టండి.

ఆ చోటు ఎక్కడ? 1,299 వేసి చూడండి. దుకాణానికి ఇస్తే జీఎస్టీ పోను 742 వస్తుంది. అసలు 678 తిరిగొచ్చి, పైన 64 మిగులుతుంది. సొంతంగా అమ్మితే షేర్ 1,121. ఇంకో సంగతి. అచ్చువేసిన ఎమ్మార్పీని స్టిక్కరు అంటించి తగ్గించడానికి చట్టం ఒప్పుకుంటుంది, పెంచడానికి ఒప్పుకోదు. కాబట్టి తక్కువ ధర అచ్చువేసి తర్వాత చూద్దామన్న మాట చెల్లదు. 1,299 అచ్చువేసి ముందుగా కొన్నవాళ్లకు 1,099కి ఇవ్వొచ్చు. 999 అచ్చువేస్తే దారి మూసుకుపోయినట్టే.

ఇప్పుడు అసలు సవాల్‌కు రండి. ప్రింటర్ చెప్పిన వెయ్యి పెట్టెలు. పెట్టెకు 245, సర్దే కూలీ 25, కలిపి 270. ఫస్ట్ కాపీతో మొత్తం 3,45,000. వెయ్యితో భాగిస్తే ఒక్కోటి 345. మూడు వందలు వేస్తే 610, వెయ్యి వేస్తే 345. కాగితం మీద చూస్తే వెయ్యి వేయనివాడు బేవకూఫ్ అనిపిస్తుంది. కానీ 999 ధరతో, సొంత అమ్మకంతో, అసలు ఎప్పుడు తిరిగొస్తుందో చూడండి. మూడు వందలు వేసినవాడికి 218వ పెట్టె అమ్మినప్పుడు. వెయ్యి వేసినవాడికి 411వ పెట్టె అమ్మినప్పుడు. 1,299 ధర పెడితే మూడు వందలవాడికి 164వ పెట్టెకే తిరిగొస్తుంది. "చౌక" పెట్టె వాడు రెండింతల మందిని వెతకాలి. ఇద్దరూ 999 ధరకు సరిగ్గా 270 అమ్మగలిగారనుకోండి. మొదటివాడికి 44,000 ఫాయిదా. రెండోవాడికి 1,18,000 నుక్సాన్, పైగా ఏడు వందల పెట్టెలు పలంగ్ కింద, బీరువా మీద, హైదరాబాద్ వానాకాలపు చెమ్మకు ఉబ్బుతూ. అట్టపెట్టె చెమ్మ పీలిస్తే మూత వంకరపోతుంది, కార్డులు విల్లులా వంగుతాయి. వాటిని సగం ధరకు కూడా ఎవరూ తీసుకోరు.

ప్రింటర్ అబద్ధం చెప్పలేదు. ఎక్కువ వేస్తే చౌక అన్నది ఆయన మెషీన్ సంగతి, నిజమే. ఎన్ని అమ్ముడుపోతాయన్నది మన సంగతి. ఆయన నిజాన్ని మన నిజం అనుకోవడమే గలతీ.

అయితే ఖర్చు తగ్గించే మార్గమే లేదా? ఉంది, కానీ సంఖ్య పెంచడంలో కాదు, కాగితం తెలుసుకోవడంలో. మా భాంజా గేమ్‌లో మొదట 108 కార్డులు. మామూలు పేకముక్క సైజు, 63 బై 88 మిల్లీమీటర్లు. ఛత్తా బజార్ చిన్న ఆఫ్‌సెట్ మెషీన్ మీద 15 బై 20 అంగుళాల షీటులో అలాంటివి నిలువు ఐదు, అడ్డం ఐదు, మొత్తం 25 నిశ్చింతగా పడతాయి. నూరు కార్డులకు నాలుగు షీట్లు చాలు. 108కి ఐదో షీటు కావాలి. ఆ షీటులో ఎనిమిది కార్డులు, పదిహేడు ఖాళీలు. కానీ దానికీ నాలుగు రంగుల ప్లేట్లు, మెషీన్ సెట్టింగ్, లామినేషన్, కటింగ్ అన్నీ పూర్తిగా పడతాయి. కార్డుల వెనక వైపు బొమ్మ అన్నింటికీ ఒకటే పెడితే వెనక ప్లేట్ల సెట్టు ఒక్కటి చాలు. ఎనిమిది కార్డులు తీసేయమన్నాను. రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగి, మళ్లీ ఆడి చూసి, ఆట ఇప్పుడు ఇంకా చురుగ్గా నడుస్తోందని వాడే అన్నాడు. పైన నేను వేసిన హిసాబ్ ఈ నూరు కార్డులదే.

పెట్టె సైజు కూడా అంతే. వాడికి బజార్‌లో పెద్ద గేముల్లా 30 సెంటీమీటర్ల చదరపు పెట్టె, 7 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. చాలా కొరియర్లు బరువు ఒక్కటే చూడవు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5,000తో భాగించి, వచ్చింది అసలు బరువుకన్నా ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. ఈ పెట్టె తూకానికి కిలో లోపే, కొరియర్ లెక్కలో కిలోన్నర దరిదాపు. అంటే మనం గాలికి కిరాయి కడుతున్నాం. బోర్డు రెండు మడతలు పడి 18 సెంటీమీటర్లకు వచ్చేలా చేసుకుంటే పెట్టె 20 సెంటీమీటర్లలో సరిపోతుంది. నా 90 రూపాయల కొరియర్ ఆ చిన్న పెట్టెకే.

ఖర్చు పెరిగే ఒక చోటు మాత్రం డిజైన్ దశలోనే తేల్చుకోవాలి. పెట్టె మీద "8 ఏళ్లు పైబడినవారికి" అని రాద్దాం, ఎక్కువమంది కొంటారని ఆపా అంది. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు బీఐఎస్ లైసెన్స్, ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. పరీక్షలు, రుసుములు కలిపితే ఆ భారం మూడు వందల పెట్టెలు మోయలేవు. అలాగని పిల్లల ఆట చేసి మీద "14+" అని రాస్తే తప్పించుకోలేరు. ఆట ఎవరి కోసం తయారైందన్నదే చట్టం చూస్తుంది. అప్పులు, వడ్డీలు, డేట్ల గొడవలున్న మా వాడి ఆట నిజంగానే పెద్దవాళ్లది, వాడు 14+ రాయొచ్చు. ఇంకో జాగ్రత్త. ఫిల్మ్‌నగర్‌లో పనిచేస్తున్నాం గదా అని కార్డుల మీద హీరోల ఫోటోలు, సినిమాల స్టిల్స్ వాడొద్దు. అవి వేరేవాళ్ల హక్కు. సొంత పాత్రలు గీయించుకునే ఖర్చు ఆ 40,000లోనే ఉంది.

చివరికి రకం సంగతి. శాదీ డబ్బు ముట్టొద్దన్నాను. సరే, దారి? ముందు నమూనాలు, బొమ్మలు: 50,000. ఇది వాడు తన సంపాదనలోంచి పెట్టుకోవాలి, పోయినా తట్టుకోవాలి. ప్లేట్లు, డైలు అప్పుడే వద్దు. నమూనా చూపించి 1,099కి ముందస్తు బుకింగ్ తీసుకోవాలి. ఇదేం కొత్త కాదు. జైన్ మెమన్ చేసిన రాజకీయాల గేమ్ "శాసన్" 2019లో కిక్‌స్టార్టర్ మీద ముందు కొనుగోలుదారుల డబ్బుతోనే మొదలైంది. మన వాడికి అంత పెద్ద మైదాన్ అక్కర్లేదు, నూరు మంది చాలు. ఒక్కో బుకింగ్‌లో జీఎస్టీ, కొరియర్, రుసుము పక్కన పెడితే 935, నూరింటికి 93,500. మొత్తం ఖర్చు 1,83,000లో సగం అక్కడే వచ్చింది. మిగతా దాదాపు 90 వేలలో 50 వేలు వాడు ముందే పెట్టేశాడు. ఇంకా కావాల్సింది 40 వేలు.

నూరు మంది రాకపోతే? పెట్టె ఇంటికి చేరేదాకా ఆ డబ్బు అమానత్. ఎవరిది వాళ్లకు వాపస్. అప్పుడు పోయేది 50,000, మూడున్నర లక్షలు కాదు. ఆ నూరు మందిలో చుట్టాలను లెక్కపెట్టొద్దని కూడా చెప్పాను. మామూలు, ఫుప్పీలు ముహబ్బత్‌తో కొంటారు. ముహబ్బత్ మొదటి ముప్పై పెట్టెల దాకే వస్తుంది. మనల్ని ఎరగనివాడు డబ్బు కట్టినప్పుడే అది గిరాకీ.

"మరి వెయ్యి ఎప్పుడు మామూ?" అన్నాడు. మూడు వందలూ అయిపోయి, ఇంకా అడిగేవాళ్లు మిగిలినప్పుడు. ప్లేట్లు, డైలు జాగ్రత్తగా దాచుకుంటే రెండోసారి ఫస్ట్ కాపీ ఖర్చు చాలావరకు ఉండదు. అప్పుడు ప్రింటర్ చెప్పే వెయ్యి లెక్క మనకూ నిజమవుతుంది. ప్రస్తుతం వాడి దగ్గర అరవై మూడు బుకింగ్‌లున్నాయి. వాటిలో మావాళ్లవి పందొమ్మిది కొట్టేసి, నలభై నాలుగు అని గోడ మీద రాసుకున్నాడు.